ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే కుటుంబానికి రావాల్సినవి ఎలా తీసుకోవాలి (బెంగళూరు ప్రైవేటు కంపెనీల సంగతి)

ఇంట్లో సంపాదించే మనిషి పోయినప్పుడు ఈ కాగితాల పని సాధారణంగా భార్య మీద పడదు. బావమరిదో, తమ్ముడో, పెద్దల్లుడో చూస్తాడు. ఆ తిరిగే మనిషి మీరే అనుకుని రాస్తున్నాను. బొమ్మసంద్ర వైపు ఫ్యాక్టరీలకు పేరోల్ పని చూస్తాను కాబట్టి ఇలాంటి ఫైళ్లు నా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి. చాలా కుటుంబాలు ‘పీఎఫ్ డబ్బులు ఎప్పుడొస్తాయి’ అని మాత్రమే అడుగుతాయి. ఆ పీఎఫ్ ఖాతాకు తోడుగా ఒక బీమా ఉందని, అది చాలాసార్లు పీఎఫ్ సొమ్ము కన్నా పెద్దదని ఎవరూ చెప్పరు.

లెక్కలు అర్థం కావడానికి ఒక కేసు ఊహించుకుందాం. అతన్ని రమణ అనుకుందాం. సొంతూరు అన్నమయ్య జిల్లాలో. బొమ్మసంద్రలోని ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో 2015 జూన్‌లో చేరి సూపర్‌వైజర్ అయ్యాడు. 2025 ఫిబ్రవరిలో ఇంట్లోనే గుండెపోటు వచ్చి పోయాడు. బేసిక్, డీఏ కలిపి 28 వేలు, చేతికి వచ్చే అలవెన్సులన్నీ కలిపితే 62 వేలు. పీఎఫ్ మాత్రం 15 వేల జీతం మీదే కట్టేవారు. ఖాతాలో 4 లక్షల 10 వేలు ఉన్నాయి. భార్య, ఎనిమిదేళ్ల కొడుకు, ఐదేళ్ల కూతురు, అతని మీదే ఆధారపడ్డ తల్లి. తండ్రి లేడు. చేరిన రోజున హెచ్‌ఆర్ ఇచ్చిన ఫారంలో నామినీగా తమ్ముడి పేరు రాశాడు, అప్పటికి పెళ్లి కాలేదు. తర్వాత దాన్ని మార్చలేదు. ఇది అరుదైన కేసేం కాదు, నాకు తెలిసిన సగం మంది ఫారాలు ఇలాగే ఉంటాయి.

ముందు చేయకూడని పని ఒకటి

పోయిన మనిషి ఫోన్ మీ దగ్గరే ఉంటుంది, ఓటీపీలు దానికే వస్తాయి. ‘యూఏఎన్ లాగిన్ ఉంది కదా, ఆన్‌లైన్‌లో పీఎఫ్ తీసేద్దాం, నాలుగు రోజుల్లో పడిపోతుంది’ అని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా తగులుతారు. ఆ పని చేయకండి. అలా పెట్టే ఫారం 19 గానీ, అడ్వాన్సు కోసం పెట్టే ఫారం 31 గానీ బతికున్న మనిషి పెట్టుకునేవి. చనిపోయిన తేదీ తర్వాత అతని పేరున అలాంటి క్లెయిమ్ వెళ్లిందంటే అది తప్పుడు ప్రకటన. పైగా ఖాతా మామూలుగా సెటిల్ అయినట్టు రికార్డులోకి ఎక్కి, తర్వాత బీమా క్లెయిమ్ వేసినప్పుడు ఫైలు అక్కడే ఆగుతుంది. నాలుగు లక్షల పీఎఫ్‌కు ఆశపడి ఏడు లక్షల బీమాను చిక్కుల్లో పెట్టుకున్నట్టు అవుతుంది.

సిమ్ మాత్రం ఆపేయకండి, కొన్ని నెలలు రీచార్జ్ చేయిస్తూ ఉండండి. ఏ బ్యాంకులో ఖాతా ఉంది, ఏ పాలసీకి ప్రీమియం కడుతున్నాడు అన్నవి దానికొచ్చే మెసేజ్‌ల వల్లే బయటపడతాయి.

డెత్ సర్టిఫికెట్, అందులో పేరు

మనవాళ్లలో ఎక్కువమంది దహనం సొంతూళ్లో చేస్తారు. అయితే మరణం నమోదయ్యేది ప్రాణం పోయిన చోట, దహనం జరిగిన చోట కాదు. రమణ బెంగళూరులో పోయాడు కాబట్టి, అంబులెన్సులో రాయచోటి తీసుకెళ్లినా సర్టిఫికెట్ బెంగళూరులో అతను పోయిన ప్రాంతపు రిజిస్ట్రార్ దగ్గరే తీసుకోవాలి. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రివాళ్లే సమాచారం పంపుతారు. ఇంట్లో పోతే, చూసిన డాక్టరు మరణకారణం రాసిచ్చే కాగితం ఊరికి బయలుదేరే ముందే తీసుకోండి. అది లేకుండా వెళ్లిపోయి దినవారాలు అయ్యాక తిరిగొస్తే ఆ డాక్టరుకు మీరెవరో గుర్తుండదు. 21 రోజుల్లో నమోదు చేయిస్తే పేచీ లేదు. నెల దాటితే అఫిడవిట్లు, అనుమతులు మొదలవుతాయి.

సర్టిఫికెట్‌లో పేరు దగ్గరే మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తంటా ఉంది. మనకు ఇంటిపేరు ముందు, ఇక్కడివాళ్లకు ఇనిషియల్ చివర. ఆధార్‌లో ‘కోట వెంకట రమణ’, పీఎఫ్‌లో ‘రమణ కె వి’, ఆసుపత్రి చీటీలో ‘వెంకటరమణ కోట’ ఉంటే, మూడూ ఒకరే అని మీకు తెలుసు గానీ పీఎఫ్ ఆఫీసు గుమస్తాకు తెలియదు. నమోదుకు ఇచ్చే సమాచార పత్రంలోనే ఆధార్ చూసి, ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం రాయించండి. సర్టిఫికెట్ వచ్చాక సవరణ పెట్టుకోవడం కన్నా ఇది తేలిక. పీఎఫ్ రికార్డులో ఉన్న పేరు కంపెనీ ద్వారా సరిచేయించాలి, ఆ పని క్లెయిమ్ వేయకముందే అయిపోవాలి.

సర్టిఫికెట్ కన్నడం, ఇంగ్లీషు రెండింట్లోనూ ఉంటుంది కాబట్టి అనువాదం అవసరం రాదు. ఒక అరడజను కాపీలు పెట్టుకోండి.

కంపెనీకి మెయిల్

హెచ్‌ఆర్‌కు ఫోన్‌లో చెప్పడం వేరు, మెయిల్ పెట్టడం వేరు. ఫోన్‌లో అందరూ ‘అయ్యో’ అంటారు. మెయిల్‌కు తేదీ ఉంటుంది, తర్వాత అదే మీకు ఆధారం. డెత్ సర్టిఫికెట్ జోడించి, భార్య పేరుతోనే పెట్టించండి. ఆ మెయిల్‌లో అడగాల్సినవి ఇవి: యూఏఎన్, పీఎఫ్ మెంబర్ ఐడీ. పీఎఫ్ ప్రభుత్వ పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓలోనే ఉందా, కంపెనీ సొంత ట్రస్టులో ఉందా. పీఎఫ్‌కు, గ్రాట్యుటీకి అతను ఇచ్చిన నామినేషన్ ఫారాల కాపీలు. కంపెనీ విడిగా తీసిన గ్రూప్ టర్మ్ ఇన్సూరెన్స్ గానీ ప్రమాద బీమా గానీ ఉంటే దాని వివరాలు. మిగిలిన జీతం, సెలవుల సొమ్ము, బోనస్, గ్రాట్యుటీ విడివిడిగా చూపించే లెక్క.

ట్రస్టు సంగతి ఎందుకంటే బెంగళూరులో కొన్ని పెద్ద కంపెనీలు పీఎఫ్‌ను సొంత ట్రస్టులో పెట్టుకుంటాయి. అప్పుడు పీఎఫ్ సొమ్ము ట్రస్టు ఇస్తుంది, పెన్షన్ మాత్రం ఈపీఎఫ్‌ఓ నుంచే రావాలి. బీమాకు కూడా మినహాయింపు తీసుకున్న కంపెనీ అయితే ఆ బీమా సొమ్ము వాళ్లు తీసిన గ్రూప్ పాలసీ నుంచి వస్తుంది, ప్రభుత్వ స్కీమ్ కన్నా తక్కువ ఇవ్వకూడదు. రమణ కంపెనీకి ట్రస్టు లేదు, కాబట్టి మూడూ పీఎఫ్ ఆఫీసు నుంచే.

మెయిల్ చివర్లో ఒక వాక్యం తప్పనిసరిగా ఉండాలి: పీఎఫ్ పోర్టల్‌లో ఉద్యోగం ముగిసిన తేదీగా చనిపోయిన తేదీ వేసి, కారణం దగ్గర `DEATH IN SERVICE` అని ఎంచుకోమని. కంపెనీ లాగిన్‌లో ఇది ఒక చిన్న జాబితాలోంచి ఎంచుకునే విషయం. మానేసిన వాళ్లందరికీ ఒకేసారి ఎగ్జిట్ వేసే క్లర్కు అలవాటుగా `CESSATION (SHORT SERVICE)` నొక్కేస్తాడు. అతనికి అదొక క్లిక్. మీకు మాత్రం మనిషి ఉద్యోగం మానేశాక చనిపోయినట్టు రికార్డు తయారవుతుంది, బీమా క్లెయిమ్ తిరిగొస్తుంది. ఎగ్జిట్ వేశాక ఆ స్క్రీన్ ఫోటో పంపమని అడగండి. మొహమాటపడకండి, తప్పు పడిన తర్వాత సరిచేయించుకోవడమే అసలు కష్టం.

కొందరు హెచ్‌ఆర్‌లు లాప్‌టాప్, ఐడీ కార్డు గురించి మూడో రోజే ఫోన్ చేస్తారు. ఇచ్చేయండి, రసీదు తీసుకోండి. కానీ ‘మాకు రావాల్సినవన్నీ ముట్టాయి’ అని ఉన్న కాగితం మీద మాత్రం లెక్క చూడకుండా సంతకం పెట్టించకండి.

నామినీ తమ్ముడైతే?

రమణ కేసులో అందరికన్నా ముందు కంగారుపడేది తమ్ముడే. ‘నా పేరు ఉంది కాబట్టి నాకే ఇస్తారా, వదిన ఏమనుకుంటుందో’ అని. పీఎఫ్ స్కీమ్ ప్రకారం కుటుంబం ఉన్న మనిషి కుటుంబంలోని వాళ్లనే నామినీగా రాయాలి. మగ ఉద్యోగికి కుటుంబం అంటే భార్య, పిల్లలు, ఆధారపడ్డ తల్లిదండ్రులు, చనిపోయిన కొడుకు ఉంటే అతని భార్యాపిల్లలు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందులో లేరు. కుటుంబం లేనప్పుడు ఎవరి పేరైనా రాయొచ్చు గానీ, పెళ్లయి కుటుంబం ఏర్పడగానే ఆ నామినేషన్ దానంతట అదే చెల్లకుండా పోతుంది. కాబట్టి తమ్ముడి పేరు లెక్కలోకి రాదు.

చెల్లే నామినేషన్ లేనప్పుడు పీఎఫ్ సొమ్ము కుటుంబ సభ్యులకు సమానంగా పంచుతారు. పద్దెనిమిది నిండిన కొడుకులకు, భర్త బతికున్న పెళ్లయిన కూతుళ్లకు వాటా ఉండదు. రమణ ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, వెరసి నాలుగు వాటాలు. ‘అంతా కోడలికే వస్తుంది’ అని అత్తగారు, ‘అంతా నాకే’ అని కోడలు అనుకుంటూ ఉంటే, ఫారం నింపే రోజున గొడవ మొదలవుతుంది. ముందే ఇద్దరినీ కూర్చోబెట్టి నాలుగు వాటాల సంగతి చెప్పేయండి. తల్లికి వాటా రావాలంటే ఆమె కొడుకు మీద ఆధారపడి ఉండాలి. సొంత పెన్షన్, ఆదాయం ఉన్న తల్లి విషయంలో ఆఫీసు ప్రశ్నలు వేస్తుంది.

నామినేషన్ లేకపోతే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కావాలి. దీన్ని కర్ణాటకలో నాడకచేరిలో ఇస్తారు. కానీ రమణ ఆధార్, రేషన్ కార్డు అన్నీ సొంతూరి అడ్రసువే. అలాంటప్పుడు ఊళ్లో సచివాలయంలోనో మీసేవలోనో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టి తహసీల్దారు నుంచి తీసుకోవడమే సులువు. వీఆర్‌ఓకు అందరూ తెలిసినవాళ్లే ఉంటారు. ఇక్కడ అద్దె ఇంటి అడ్రసు మీద అడిగితే విచారణకే నెల పోతుంది. సర్టిఫికెట్‌లో తల్లి పేరు కూడా ఉండేలా చూసుకోండి, తర్వాత ఆమె వాటా దగ్గర ప్రశ్న రాకుండా.

ఒకే ఫారంలో మూడు క్లెయిములు

వెనకటికి పీఎఫ్‌కు ఫారం 20, పెన్షన్‌కు 10డి, బీమాకు 5ఐఎఫ్ అని మూడు వేరువేరు ఫారాలు పెట్టేవాళ్లం. ఇప్పుడు మరణం కేసులకు ఒకే కాంపోజిట్ క్లెయిమ్ ఫారం ఉంది. అందులో ఏవేవి కావాలో టిక్ పెట్టాలి. ఇక్కడే జారిపోతారు: పీఎఫ్ దగ్గర టిక్ పెట్టి, మిగతా రెండూ తమకు వర్తించవేమో అని వదిలేస్తారు. మూడింటికీ పెట్టండి.

ఆ బీమా పేరు ఈడీఎల్ఐ. 1976 నుంచి ఉంది. ఉద్యోగి జీతంలోంచి దీనికి ఒక్క పైసా కోయరు. కంపెనీయే 0.5 శాతం కడుతుంది. జీతం చీటీలో కనపడదు కాబట్టే దీని గురించి ఇంట్లో ఎవరికీ తెలియదు. లెక్క ఇలా ఉంటుంది. చివరి 12 నెలల సగటు జీతం తీసుకుంటారు, ఎంత ఉన్నా 15 వేలకు మించి లెక్కేయరు. దానికి 35 రెట్లు. దానికి తోడు, చివరి 12 నెలల్లో పీఎఫ్ ఖాతాలో ఉన్న సగటు నిల్వలో సగం, అదీ లక్షా 75 వేలు మించకుండా.

రమణకు 15 వేలకు 35 రెట్లు అంటే 5 లక్షల 25 వేలు. సగటు నిల్వ 3 లక్షల 90 వేలు, అందులో సగం లక్షా 95 వేలు, పరిమితి వల్ల లక్షా 75 వేలే లెక్క. మొత్తం 7 లక్షలు. ఈ స్కీమ్ కింద ఇచ్చే గరిష్ఠం కూడా అదే. పన్నెండు నెలలు వరుసగా పనిచేసిన వాళ్లకు కనీసం రెండున్నర లక్షలు వస్తుంది, మధ్యలో కంపెనీ మారినా సరే. ఏడాది నిండని వాళ్లకు లెక్క వేరు, తక్కువ వస్తుంది, కానీ రాదని మాత్రం అనుకోకండి. గుండెపోటా, ప్రమాదమా, ఆఫీసులోనా, ఇంట్లోనా అన్నది ఈ బీమాకు సంబంధం లేదు.

ఒక చిక్కు గురించి చెప్పాలి. జబ్బుచేసి రెండు మూడు నెలలు జీతం లేని సెలవులో ఉండి పోయిన వాళ్ల కేసుల్లో చివరి నెలలకు పీఎఫ్ చందా పడదు. ‘ఆఖరి నెల చందా లేదు కాబట్టి సర్వీసులో లేనట్టే’ అని వెనక్కి పంపడం ఉండేది. 2025 జూలైలో వచ్చిన సవరణతో, చివరి చందా పడిన ఆరు నెలల్లోపు పోయి, పేరు కంపెనీ రోల్స్‌లో ఉంటే బీమా వర్తిస్తుంది. రెండు ఉద్యోగాల మధ్య 60 రోజుల వరకు ఖాళీ ఉన్నా అది తెగినట్టు కాదు. కాబట్టి మీ మనిషి మంచం పట్టి జీతం ఆగిన కాలంలో పోయి ఉంటే, అతని పేరు రోల్స్‌లో ఉందని కంపెనీ నుంచి ఒక లెటర్ రాయించుకుని ఫారంతో పెట్టండి.

ఫారంతో పాటు వెళ్లాల్సినవి: డెత్ సర్టిఫికెట్, వాటా ఉన్న ప్రతి ఒక్కరి ఆధార్, ఫోటో, పేరు ముద్రించిన క్యాన్సిల్డ్ చెక్కు లేదా పాస్‌బుక్ మొదటి పేజీ, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. పిల్లల వాటా కోసం వాళ్ల పేరునే, తల్లి గార్డియన్‌గా, విడివిడిగా బ్యాంకు ఖాతాలు తెరవండి. తల్లి సహజ సంరక్షకురాలు కాబట్టి కోర్టు నుంచి గార్డియన్‌షిప్ కాగితం తెమ్మని అడగాల్సిన పనిలేదు. సొమ్ము పిల్లల ఖాతాల్లోనే పడితే ఆ సర్టిఫికెట్ అడగొద్దని ఈపీఎఫ్‌ఓ 2025లో తన ఆఫీసులకు రాసింది కూడా. కౌంటర్ దగ్గర ఎవరైనా అడిగితే ఆ మాట గుర్తుచేయండి.

ఈ-నామినేషన్ చేసి ఉన్న ఇళ్లలో పని ఇంకా తేలిక. మెంబర్ పోర్టల్ మొదటి పేజీలో `Death claim filing by beneficiary` అనే లింకు ఉంటుంది. నామినీ తన సొంత ఆధార్‌కు వచ్చే ఓటీపీతోనే క్లెయిమ్ వేయొచ్చు. రమణ లాంటి కేసులో ఆ దారి లేదు, కంపెనీ సంతకంతో కాగితం మీదే పెట్టాలి. కంపెనీ మూతపడినా, సంతకం పెట్టకుండా తిప్పుతున్నా బ్యాంకు మేనేజరు, గెజిటెడ్ ఆఫీసరు లాంటి వాళ్లతో అటెస్ట్ చేయించి, ఎందుకు అలా చేయాల్సి వచ్చిందో ఒక లెటర్ జతచేసి పెట్టొచ్చు.

ఏ ఆఫీసుకు ఇవ్వాలి అన్నది మెంబర్ ఐడీ మొదటి అక్షరాల్లోనే ఉంటుంది. `PYBOM` అంటే బొమ్మసంద్ర, `PYKRP` అంటే కె.ఆర్. పురం. ఇల్లు మారతహళ్లిలో ఉంది కదా అని దగ్గరి ఆఫీసుకు వెళ్తే లోపలికి కూడా తీసుకోరు. ఇచ్చినప్పుడు రెండో కాపీ మీద తేదీ ఉన్న ముద్ర వేయించుకోండి.

పాత కంపెనీల్లో ఉన్న పీఎఫ్‌ను కొత్తదానికి బదిలీ చేసుకోని వాళ్లు చాలామంది. పాస్‌బుక్‌లో రెండు మూడు మెంబర్ ఐడీలు కనిపిస్తే అన్నీ ఫారంలో రాయండి. ఆ సొమ్మే కాదు, పెన్షన్‌కు సర్వీసు కూడా కలుస్తుంది.

పెన్షన్: పదేళ్లు అక్కర్లేదు

‘పదేళ్లు నిండలేదు కాబట్టి పెన్షన్ రాదు’ అనే మాట ఆఫీసుల బయట టీ కొట్టు దగ్గర నుంచి హెచ్‌ఆర్ దాకా అందరూ అంటారు. అది బతికుండి రిటైరయ్యే వాడి విషయంలో. సర్వీసులో ఉండగా పోతే, పెన్షన్ స్కీమ్‌కు ఒక్క నెల చందా పడి ఉన్నా భార్యకు పెన్షన్ వస్తుంది.

మొత్తం మాత్రం పెద్దది కాదు, ముందే చెప్పడం మంచిది. పెన్షన్‌కు లెక్కించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. రమణ సర్వీసు తొమ్మిదేళ్ల ఎనిమిది నెలలు. ఆరు నెలలు దాటింది కాబట్టి పది కింద లెక్క. 15 వేలు గుణించు పది, భాగించు 70, సుమారు 2,143 రూపాయలు. స్కీమ్‌లో జీతాన్ని బట్టి ఒక పట్టిక కూడా ఉంది, అందులో వచ్చేది దీనికన్నా ఎక్కువైతే అదే ఇస్తారు. ఏదేమైనా వెయ్యికి తగ్గదు. పిల్లలు ఒక్కొక్కరికి భార్య పెన్షన్‌లో నాలుగో వంతు, ఇక్కడ 536 రూపాయలు, ఒకేసారి ఇద్దరికి, 25 ఏళ్లు వచ్చేదాకా. మొత్తం నెలకు మూడు వేల రెండొందల పైచిలుకు. ఇంటద్దెకు కూడా రాదు. కానీ ఆమె ఉన్నంతకాలం వచ్చేది ఇదొక్కటే, దీన్ని వదిలేసిన వాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఇందులో తల్లికి వాటా లేదు. భార్యాపిల్లలు ఉన్నప్పుడు తల్లిదండ్రులకు ఈ పెన్షన్ రాదు. భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె పెన్షన్ ఆగి, పిల్లలకు అనాథ పెన్షన్ కింద పెంచి, ఒక్కొక్కరికి భార్య పెన్షన్‌లో 75 శాతం చొప్పున ఇస్తారు.

సామాను సర్దుకుని సొంతూరికి వెళ్లిపోయే వాళ్లకు ఒక సౌకర్యం వచ్చింది. 2025 జనవరి 1 నుంచి పెన్షన్ చెల్లింపు ఒకే కేంద్రీకృత పద్ధతిలోకి మారింది. దేశంలో ఏ బ్యాంకు ఏ బ్రాంచిలో ఖాతా ఉన్నా పడుతుంది, బెంగళూరు ఖాతా పట్టుకుని వేలాడక్కర్లేదు. ఏడాదికోసారి బతికే ఉన్నట్టు ఇవ్వాల్సిన జీవన్ ప్రమాణ్ సర్టిఫికెట్ మాత్రం మర్చిపోకూడదు.

గ్రాట్యుటీ కంపెనీ ఇవ్వాలి, పీఎఫ్ ఆఫీసు కాదు

ఐదేళ్ల షరతు చావు విషయంలో లేదు. చేరి ఎనిమిది నెలలకే పోయినా ఆ సర్వీసుకు లెక్క కట్టాలి. ఆఖరి బేసిక్, డీఏను 26తో భాగించి 15తో గుణించాలి, దాన్ని సంవత్సరాలతో గుణించాలి. రమణకు 28 వేల మీద, పదేళ్లకు లక్షా 61 వేల 538 రూపాయలు.

2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత పోయిన వాళ్ల విషయంలో జీతం నిర్వచనం మారింది. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని బేసిక్‌కు కలిపి లెక్కేయాలి. అదే రమణ ఆ తేదీ తర్వాత పోయి ఉంటే 62 వేలలో సగం, అంటే 31 వేల మీద లెక్క వేసి దాదాపు లక్షా 78 వేల 800 ఇవ్వాలి. కంపెనీ ఇచ్చిన లెక్కలో ఏ జీతం మీద వేశారో చూడటం అందుకే.

దీనికీ చెల్లే నామినేషన్ లేదు కాబట్టి వారసులకు ఇస్తారు. హిందూ వారసత్వ చట్టంలోనూ భార్య, పిల్లలు, తల్లి సమాన హక్కుదారులే, కాబట్టి ఇక్కడా అవే నాలుగు వాటాలు. పాత చట్టంలో నామినీ అయితే ఫారం జె, వారసులైతే ఫారం కె పెట్టేవాళ్లు. కొత్త నియమాల్లో ఫారాల పేర్లు ఏమైనా, రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోవడం ముఖ్యం. ఇవ్వాల్సిన రోజు నుంచి 30 రోజుల్లో కట్టకపోతే వడ్డీతో కట్టాలి. ‘కంపెనీ దగ్గర ఇప్పుడు డబ్బు లేదు’ అంటే కర్ణాటకలో ఇంకో ప్రశ్న అడగొచ్చు. యజమానులు గ్రాట్యుటీకి బీమా తీసుకోవాలని ఈ రాష్ట్రం 2024లో నియమాలు తెచ్చింది. ‘మీ గ్రాట్యుటీ పాలసీ ఎవరి దగ్గర?’ అని అడగండి. చాలా కంపెనీల్లో ఆ ప్రశ్నకు గొంతు మారుతుంది.

చిన్నవే, కానీ అడగకపోతే రానివి

జీతం ఖాతాకే బ్యాంకు ఒక ప్రమాద బీమా ఇచ్చి ఉండొచ్చు. రోడ్డు ప్రమాదంలో పోయిన వాళ్లకు ఇది ముఖ్యం, తెలియజేయడానికి గడువు తక్కువ ఉంటుంది కాబట్టి మొదటి వారంలోనే బ్రాంచిలో అడగండి. జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్ఐ ఉన్నవాళ్లకు అంత్యక్రియల ఖర్చు కింద 15 వేల వరకు వస్తుంది. పనిలో ప్రమాదం వల్ల పోతే ఈఎస్ఐ నుంచి ఆధారపడ్డ వాళ్లకు నెలనెలా డబ్బు వస్తుంది, అది వేరే పెద్ద కథ. కంపెనీ మెడిక్లెయిమ్‌లో భార్యాపిల్లలు ఎప్పటిదాకా ఉంటారో కూడా అడగండి. సాధారణంగా ఉద్యోగి పేరు తీసేసిన రోజే అందరి పేర్లూ పోతాయి.

డబ్బు రాకపోతే

పీఎఫ్ ఆఫీసు అన్ని కాగితాలతో ఉన్న క్లెయిమ్‌ను 20 రోజుల్లో తేల్చాలి. తిరిగొస్తే కారణం రాతలో ఉంటుంది, దాన్ని పూర్తిగా చదవండి. నేను చూసినంతలో కారణాలు తిప్పితిప్పి మూడే: పేరు కలవలేదు, ఎగ్జిట్ కారణం తప్పు, పిల్లల వయసు కాగితం లేదు. ఒక్కటి సరిచేసి పంపితే రెండోది చెప్పి మళ్లీ పంపుతారు. అందుకే మొదటిసారి తిరిగొచ్చినప్పుడే ఇంకేమైనా లోపాలు ఉన్నాయా అని ఒకేసారి రాతపూర్వకంగా అడగండి.

అయినా కదలకపోతే `epfigms.gov.in` లో ఫిర్యాదు పెట్టండి, ముద్ర వేసిన రసీదు కాపీ జతచేసి. ప్రతి నెలా 27న ‘నిధి ఆప్కే నికట్’ పేరుతో పీఎఫ్ ఆఫీసర్లు జనం ముందు కూర్చుంటారు. భార్యను తీసుకుని అక్కడికి వెళ్తే పోర్టల్‌లో నెల పట్టే పని కొన్నిసార్లు ఆ రోజే ఒక కొలిక్కి వస్తుంది. గ్రాట్యుటీ గురించైతే పీఎఫ్ ఆఫీసులో ఎంత అడిగినా లాభం లేదు. అది కార్మిక శాఖ పని, బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవన్‌లో అడగాలి. లాయరు అక్కర్లేకుండానే దరఖాస్తు పెట్టొచ్చు.

రమణ ఇంటికి ఇవన్నీ చేరితే పీఎఫ్, బీమా కలిపి 11 లక్షల 10 వేలు, అంటే ఒక్కొక్కరికి 2 లక్షల 77 వేల 500. గ్రాట్యుటీ వాటా 40 వేల పైన. తల్లి వాటా తల్లి ఖాతాలోనే పడనివ్వండి. ‘అమ్మకు ఎందుకు, నా ఖాతాలో వేయించుకుని నేనే చూసుకుంటాను’ అనే పెద్దమనిషి ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు.